నిద్రమాత్రకు లెక్కుంది

సాయంత్రం ఏడు దాటాక మెడికల్ షాపు కౌంటర్ దగ్గర నలుగురైదుగురు నిలబడి ఉంటారు. ఒకరికి బీపీ మాత్రలు, ఇంకొకరికి పిల్లాడి జ్వరం మందు. వాళ్ల మధ్యలోంచి ఒకామె మడతలు పడి నలిగిన చీటీ చాపుతుంది.

"అన్నా, ఆ నిద్రమాత్రలు ఒక స్ట్రిప్పు ఇవ్వు."

"ఈ చీటీ ఆరు నెలల కిందటిదమ్మా. అప్పట్లో పదిహేను రోజులకే రాశారు. దీని మీద మళ్లీ ఇవ్వకూడదు."

"పోయిన నెల మీ దగ్గరే కదా తీసుకుంది?"

ఫార్మసిస్టు దగ్గర సమాధానం ఉండాల్సింది ఈ చివరి ప్రశ్నకే. పోయిన నెల నిజంగా ఇచ్చి ఉంటే ఎవరి చీటీ మీద ఇచ్చారు, ఎన్ని ఇచ్చారు, ఎక్కడ రాశారు? ఆమె అడుగుతున్నది ఆల్‌ప్రజోలమ్. ఆందోళనకు, నిద్రలేమికి డాక్టర్లు రాసే ఈ మందు బాగా పనిచేస్తుంది, అంతే త్వరగా అలవాటవుతుంది. స్ట్రిప్పును వెలుతురులో పట్టుకుని చూస్తే ఎడమవైపు పై మూలన ఎర్రటి అక్షరాల్లో ఎన్‌ఆర్‌ఎక్స్ అనే గుర్తు కనిపిస్తుంది. మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి వచ్చే మందుకు వేసే గుర్తు అది. దాని దగ్గరే ఎర్ర గీతల పెట్టెలో, వైద్య సలహా లేకుండా వాడితే ప్రమాదమనీ, చీటీ లేకుండా చిల్లరగా అమ్మకూడదనీ ఉంటుంది. కొనేవాళ్లలో చాలామంది ఆ పెట్టెను చదవరు. అమ్మేవాళ్లకు అది చదవకుండా ఉండే వీలు లేదు.

మందు ఒకటి, చట్టాలు రెండు

మన మెడికల్ షాపులు నడిచేది 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 1945 నాటి దాని నిబంధనల కింద. చీటీ మీదే అమ్మాల్సిన మందుల పెద్ద జాబితా షెడ్యూల్ హెచ్. అందులోని మందులు విచ్చలవిడిగా అమ్ముడవుతున్నాయని 2013లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌1 పేరుతో ఇంకో జాబితా తెచ్చింది. అది 2014 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మొదట్లో అందులో 46 మందులుండేవి. ఎక్కువ భాగం పెద్ద యాంటీబయాటిక్స్, క్షయ మందులే. వాటి పక్కనే అలవాటు పడే మందులనూ చేర్చారు. ఆల్‌ప్రజోలమ్, డయాజిపామ్, నైట్రాజిపామ్, జోల్పిడెమ్, ట్రమడాల్, కోడీన్ వంటివి అందులోవే.

వీటిలో చాలావాటి మీద రెండో చట్టం కూడా ఉంది. అది 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే గంజాయి, హెరాయిన్ కేసులు పెట్టే చట్టం. నొప్పికి వాడే ట్రమడాల్‌ను 2018 ఏప్రిల్‌లో దాని కిందికి తెచ్చారు. మందుల చట్టంలో ఉంది కాబట్టి మాదకద్రవ్యాల చట్టం వర్తించదనే వాదన చాలాకాలం నడిచింది. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోదాని కింద విచారణ ఆగదని పంజాబ్ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2018లో తేల్చేసింది.

రెండు చట్టాల మధ్య దుకాణదారుడు ఎక్కడ నిలబడతాడన్నది కాగితమే చెబుతుంది. ఎన్‌డీపీఎస్ చట్టం ఈ మందులను ఉంచుకోవడాన్ని, అమ్మడాన్ని నిషేధించి, వైద్య అవసరానికి నిబంధనల ప్రకారం జరిగే పనిని మాత్రం మినహాయించింది. లైసెన్సు ఉండి, కొన్న బిల్లు, చీటీ, రిజిస్టర్ ఉన్న స్ట్రిప్పు మందు. అవేవీ లేని అదే స్ట్రిప్పు నేరానికి సాక్ష్యం.

ఎంత పెద్ద నేరమో లెక్క వేసి చూస్తే భయమేస్తుంది. ఆల్‌ప్రజోలమ్‌కు చట్టం పెట్టిన చిన్న పరిమాణం 5 గ్రాములు, వాణిజ్య పరిమాణం 100 గ్రాములు. అర మిల్లీగ్రాము మాత్రలో అసలు మందు అర మిల్లీగ్రామే, మిగతాదంతా మందు కాని పూరక పదార్థం. మందును మాత్రమే తూకం వేస్తే 5 గ్రాములు కావడానికి పదివేల మాత్రలు కావాలి. కానీ మత్తు పదార్థంతో కలిసి ఉన్న మిగతా పదార్థం బరువునూ కలిపే లెక్కించాలని హీరాసింగ్ కేసులో సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో చెప్పింది. మాత్ర మొత్తం బరువు నూరు మిల్లీగ్రాములు అనుకుంటే యాభై మాత్రలకే 5 గ్రాములు. వెయ్యి మాత్రలు దాటితే వాణిజ్య పరిమాణం. దానికి కనీస శిక్ష పదేళ్ల కఠిన కారాగారం, లక్ష రూపాయల జరిమానా. బెయిలు దొరకడం కూడా మహా కష్టం. వెయ్యి మాత్రలంటే పది మాత్రల స్ట్రిప్పులు నూరు. ఒక చిన్న అట్టపెట్టెలో పట్టేస్తాయి.

చీటీ మీద చూడాల్సినవి

చీటీ చేతికి రాగానే మంచి ఫార్మసిస్టు ముందు చూసేది మందు పేరు కాదు. డాక్టర్ సంతకం, తేదీ చూస్తాడు. రోగి పేరుతో పాటు చిరునామా ఉందా, మోతాదుతో పాటు మొత్తం ఎన్ని ఇవ్వాలో రాసి ఉందా అని చూస్తాడు. నిబంధనలు అడిగేవి ఇవే. రాత్రికి ఒకటి, పదిహేను రోజులు అని ఉంటే ఇవ్వాల్సింది పదిహేను. స్ట్రిప్పుకు పది కాబట్టి రెండు స్ట్రిప్పులు ఇచ్చేద్దాం అనే సర్దుబాటుకు ఇక్కడ చోటు లేదు. ఒకటిన్నర స్ట్రిప్పే ఇవ్వాలి. కత్తిరించిన సగం మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేకపోతే వాటిని కవరు మీద రాయాలి.

డాక్టర్ మళ్లీ ఇవ్వొచ్చని రాయకపోతే ఒక చీటీకి ఒక్కసారే మందు. దీన్ని అమలు చేయడానికి నిబంధనల్లో చాలా తెలివైన ఏర్పాటు ఉంది. మందు ఇచ్చినప్పుడు డాక్టర్ సంతకానికి పైన షాపు పేరు, చిరునామా, ఇచ్చిన తేదీ వేయాలి. దానికి రబ్బరు స్టాంపు ఒకటి చాలు. ఆ ముద్ర ఉన్న చీటీ పక్క వీధి షాపులో చెల్లదు. ముద్ర లేని చీటీతో ఒక్క సాయంత్రంలో ఐదు షాపులు తిరిగి డెబ్బై అయిదు మాత్రలు పోగు చేసుకోవచ్చు. రిజిస్టర్లు పక్కాగా రాసే షాపుల్లో కూడా ఈ స్టాంపు వేయడం మరిచిపోవడం మామూలైంది. ఒక షాపు నిర్లక్ష్యం మిగతా నాలుగు షాపుల జాగ్రత్తను కూడా పనికిరాకుండా చేస్తుంది కనుక ఇది చిన్న తప్పు కాదు.

ఇంకో సర్దుబాటు కూడా కౌంటర్ల దగ్గర రోజూ వినిపిస్తుంది. "ఆ కంపెనీది లేదు సార్, ఇదీ అదే మందు." చీటీలో రాసిన దానికి బదులు ఇంకోటి, లోపలి మందు అదే అయినా సరే, ఫార్మసిస్టు సొంతంగా మార్చి ఇవ్వకూడదు. డాక్టర్‌కు ఫోన్ చేసి చీటీ మార్పించుకు రమ్మనాలి.

చీటీ లేకుండా వచ్చినవాళ్లందరినీ "లేదు, పొండి" అని పంపేయడం సరైన పద్ధతేమీ కాదు. తెలంగాణ పల్లెల్లో కల్తీ కల్లు కథ తెలిసినవాళ్లకు ఈ మాట అర్థమవుతుంది. అక్కడ కల్లులో ఆల్‌ప్రజోలమ్, డయాజిపామ్ కలిపి జనానికి అలవాటు చేశారు. ఆ పొడి ఎక్కువగా దొంగచాటు తయారీ నుంచి వచ్చేదే తప్ప మెడికల్ షాపులది కాదు. దాడులు జరిగి కల్లు ఆగిపోయినప్పుడల్లా వణుకు, ఫిట్స్, పిచ్చిచూపులతో రోగులు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వరస కట్టారు. ఏళ్ల తరబడి వాడిన ఈ మందును ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. మాత్ర లేక చేతులు వణుకుతున్న మనిషి కౌంటర్ ముందుకొస్తే ఫార్మసిస్టు మందు ఇవ్వకూడదు, అలాగని ఊరికే పంపనూ కూడదు. ఆ రోజే డాక్టర్‌ను చూడాలని, ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పి పంపాలి. కొద్దికొద్దిగా మోతాదు తగ్గించే పని డాక్టర్ చేతిలోది.

పన్నెండు స్ట్రిప్పులు ఎటు పోయాయి?

హెచ్‌1 మందు చేతిలో పెట్టిన క్షణమే విడి రిజిస్టర్‌లో రాయాలి. డాక్టర్ పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఇచ్చిన సంఖ్య. ఆ పుస్తకం మూడేళ్లు దాచి, తనిఖీకి వచ్చినప్పుడు చూపాలి. నిబంధన అంతవరకే. ఎంత వచ్చింది, ఎంత మిగిలింది అనే గడి హెచ్‌1 రిజిస్టర్‌లో చట్టం అడగలేదు. అసలు లొసుగు అక్కడే ఉంది. అమ్మకం రాసినంత మాత్రాన రాయని అమ్మకం బయటపడదు. నిల్వ గడి ఉంటేనే పడుతుంది.

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. ఒక పట్టణంలో ఓ షాపు. ఏప్రిల్ ఒకటిన అరలో ఆల్‌ప్రజోలమ్ అర మిల్లీగ్రాము స్ట్రిప్పులు 12 ఉన్నాయి. నెలలో ఏజెన్సీ నుంచి మూడు బిల్లుల మీద ఇరవై చొప్పున 60 వచ్చాయి. మొత్తం 72. హెచ్‌1 రిజిస్టర్ కూడితే ఇచ్చినవి 41. అంటే అరలో 31 ఉండాలి. లెక్కపెడితే 19 ఉన్నాయి. తేడా 12 స్ట్రిప్పులు, నూట ఇరవై మాత్రలు.

ఇక్కడ దొంగతనం అని కేకలేయడానికి ముందు బిల్లింగ్ కంప్యూటర్ తెరవాలి. అది నెలలో అమ్మినవి 46 అని చూపిస్తోంది. అంటే ఐదు స్ట్రిప్పులకు బిల్లు కొట్టారు, రిజిస్టర్‌లో రాయలేదు. ఆ ఐదు బిల్లుల తేదీలు చూస్తే అన్నీ ఒకే సోమవారం సాయంత్రం, ఏడు నుంచి తొమ్మిది మధ్య. రద్దీలో తర్వాత రాద్దామని వదిలేసినవి. ఇది అలసత్వం. తప్పే, కానీ మందు ఎవరికి వెళ్లిందో బిల్లులు చెబుతున్నాయి. ఇప్పుడు ఆ ఎంట్రీలను పాత తేదీతో మధ్యలో ఇరికించకూడదు. ఈ రోజు తేదీ వేసి, ఆలస్యంగా రాస్తున్నట్టు చెప్పి, బిల్లు నంబరుతో సహా రాసి సంతకం పెట్టాలి. దిద్దుబాటు దిద్దుబాటులాగే కనిపించాలి.

మిగతా ఏడింటికి బిల్లు కూడా లేదు. గడువు తీరిన మందుల పెట్టె వెతికితే రెండు దొరికాయి. ఎవరో తీసి అందులో వేశారు, స్టాకులోంచి తగ్గించలేదు. ఇక ఐదు స్ట్రిప్పులు, యాభై మాత్రలు. వీటికి కాగితం ఏదీ లేదు. కౌంటర్ దాటి బిల్లు లేకుండా వెళ్లాయి, లేదా పనివాళ్ల జేబులోంచి వెళ్లాయి. యజమాని నిజంగా లెక్క తేల్చుకోవాల్సింది ఈ యాభై మాత్రలకే. రోజూ నిల్వ గడి నింపి ఉంటే అవి ఏ రోజున తగ్గాయో, ఆ రోజు కౌంటర్ మీద ఎవరున్నారో తెలిసేది. నెలాఖరుకు తెలిస్తే తగ్గాయనే తెలుస్తుంది.

డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు వేసేదీ ఇదే లెక్క, ఇంకో వైపు నుంచి మొదలుపెట్టి. ఆయన ముందు ఏజెన్సీ అమ్మకాల జాబితా తెప్పించుకుంటాడు. ఏజెన్సీ ఆ షాపుకు 80 స్ట్రిప్పులు అమ్మినట్టు ఉంటే, షాపు ఫైల్లో 60కే బిల్లులుంటే, మిగతా ఇరవై పుస్తకంలోకి రాకుండానే వచ్చి వెళ్లిపోయాయన్నమాట. నిల్వ సరిగ్గా సరిపోయినా అప్పుడు లాభం లేదు.

పుస్తకం ముఖం చూసి పసిగట్టేవీ ఉన్నాయి. నెలంతా ఒకే సిరా, ఒకే చేతిరాత, ఒక్క కొట్టివేత లేని పేజీలు. నలభై ఎంట్రీల్లో ముప్ఫై అయిదు ఒకే డాక్టర్ పేరు మీద ఉండటం. ప్రతి రోగికీ సరిగ్గా పదేసి మాత్రలు. డాక్టర్ క్లినిక్ మూసి ఉండే ఆదివారాల్లో రాసిన చీటీలు. నిజమైన కౌంటర్ అంత శుభ్రంగా ఉండదు. ఒకరికి ఏడు, ఒకరికి పదిహేను, ఒకరికి ముప్ఫై ఇస్తారు, రద్దీ రోజు అక్షరాలు వంకర పోతాయి. రాత్రి కూర్చుని కట్టిన లెక్క తన అందంతోనే పట్టుబడిపోతుంది. 2025 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో మాదకద్రవ్యాల నిరోధక ఈగల్ బృందాలు, ఔషధ నియంత్రణ, విజిలెన్స్ అధికారులు కలిసి ఆపరేషన్ గరుడ పేరుతో మెడికల్ షాపులను ఒకేసారి తనిఖీ చేశారు. అలాంటి రోజున షాపువాళ్లకు పుస్తకాలు సర్దుకునే వ్యవధి దొరకదు.

తాళం ఎవరి దగ్గర?

హెచ్‌1 మందులను తాళం వేసి ఉంచాలని నిబంధన లేదు. తాళం తప్పనిసరి చేసింది షెడ్యూల్ ఎక్స్‌కు. చంచలత్వం ఎక్కువగా ఉండే పిల్లలకు డాక్టర్లు రాసే మిథైల్ ఫెనిడేట్, మత్తు ఇంజెక్షన్ కెటమిన్, కొన్ని బార్బిట్యురేట్లు అందులో ఉన్నాయి. వీటిని చిల్లరగా అమ్మడానికి మామూలు 20, 21 లైసెన్సులు చాలవు, 20-ఎఫ్ అనే విడి లైసెన్సు కావాలి. చీటీ రెండు ప్రతులు ఉండాలి. ఒకటి రోగికి, ఇంకొకటి షాపులో రెండేళ్లు. మందును వాటికే కేటాయించిన బీరువాలోనో సొరుగులోనో తాళం వేసి పెట్టాలి, లేదా బాధ్యత గలవాళ్లు తప్ప ఎవరూ వెళ్లని విడి గదిలో ఉంచాలి. కొనుగోళ్లు, అమ్మకాలు పేజీ నంబర్లు వేసిన కుట్టు పుస్తకంలో రాయాలి. విడి కాగితాల ఫైలు పనికిరాదు, ఎందుకంటే అందులోంచి ఒక కాగితం తీసేస్తే తెలియదు.

ఇంత తతంగం ఉండటంతో చిన్న పట్టణాల్లో చాలా షాపులు 20-ఎఫ్ జోలికే పోవు. దాని భారం పిల్లాడికి నెలనెలా మందు కావాల్సిన తల్లిదండ్రుల మీద పడుతుంది. జిల్లా కేంద్రానికో హైదరాబాద్‌కో బస్సెక్కాలి. టెలిమెడిసిన్‌లో డాక్టర్ ఈ జాబితా మందు రాయకూడదు కాబట్టి చీటీ కోసం కూడా ప్రయాణమే. నిబంధన సరైనదే, కానీ జిల్లాకు కనీసం రెండు మూడు షాపులైనా ఆ లైసెన్సు తీసుకునేలా ఔషధ నియంత్రణ శాఖ పూనుకోకపోతే అది రోగికి శిక్షగా మారుతుంది.

భయం అతిగా పనిచేస్తే ఏమవుతుందో మార్ఫిన్ చూపించింది. 1985 చట్టం వచ్చాక అనేక అనుమతుల చిక్కుల్లో పడి క్యాన్సర్ రోగుల నొప్పి మందు దేశమంతటా దాదాపు దొరకకుండా పోయింది. 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించి అత్యావశ్యక మాదక ఔషధాలు అనే విభాగం తెచ్చింది. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, ఆక్సికోడోన్, కోడీన్, హైడ్రోకోడోన్ అందులోకి వచ్చాయి. ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే అధికారం రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి ఒక్కరికే అప్పగించారు. అందుకే మార్ఫిన్ మాత్ర మామూలుగా వీధి చివరి షాపులో దొరకదు. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట నుంచే రోగికి అందుతుంది. అక్కడ కూడా ప్రతి మాత్రకూ లెక్క ఉంటుంది.

హెచ్‌1కు తాళం తప్పనిసరి కాకపోయినా జాగ్రత్త తెలిసిన యజమానులు ఆల్‌ప్రజోలమ్, ట్రమడాల్ వంటి వాటిని కౌంటర్ వెనక ఒకే సొరుగులో పెడతారు. ఆ తాళంచెవి షిఫ్టులో ఉన్న ఫార్మసిస్టు దగ్గరే ఉంటుంది. షిఫ్టు మారేటప్పుడు ఇద్దరూ కలిసి లెక్కపెట్టి, పుస్తకంలో నిల్వ రాసి, ఇద్దరూ సంతకం పెడతారు. పది రకాల మందులకు ఐదు నిమిషాల పని. తేడా ఉంటే ఆ ఎనిమిది గంటల్లోనే వచ్చి ఉండాలి కాబట్టి వెతకాల్సిన బిల్లులు ఇరవైకి మించవు.

గల్ఫ్ విమానం ఎక్కేముందు

కొనేవాళ్లకూ పరిమితి ఉంది. సొంత వైద్య అవసరానికి ఇలాంటి మత్తు మందులను ఒక మనిషి ఒకసారి నూరు మోతాదులకు మించి తన దగ్గర ఉంచుకోకూడదు. దీర్ఘకాల వాడకానికి డాక్టర్ ప్రత్యేకంగా రాస్తే మూడు వందల వరకు. బంధువుల కోసమో, సరుకు దొరకదేమోననో పెద్ద మొత్తంలో దాచుకునే అలవాటు చట్టం ముందు నిలబడదు.

కరీంనగర్, నిజామాబాద్, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లే కుటుంబాలు ఈ విషయంలో మరీ జాగ్రత్తపడాలి. ఇక్కడ చీటీ మీద న్యాయంగా కొన్న ట్రమడాల్, ఆల్‌ప్రజోలమ్, కోడీన్ మందులు యుఏఈలో నియంత్రిత జాబితాలో ఉన్నాయి. అక్కడి ప్రభుత్వ అనుమతి ముందే ఆన్‌లైన్‌లో తీసుకోకుండా సూట్‌కేసులో పెట్టుకుని దిగితే విమానాశ్రయంలోనే చిక్కు మొదలవుతుంది. నడుము నొప్పికి ఊళ్లో డాక్టర్ రాసిన మాత్రలే అయినా మినహాయింపు ఉండదు. కాబట్టి ప్రయాణం ఉందని షాపులో ముందే చెప్పాలి. కొత్త తేదీతో ఉన్న చీటీ, దాని మీద షాపు స్టాంపు, రోగి పేరు, బ్యాచ్ నంబరు ఉన్న బిల్లు తీసుకోవాలి. మాత్రలను డబ్బాలోకి మార్చకుండా అసలు స్ట్రిప్పుల్లోనే ఉంచాలి. అనుమతికి దరఖాస్తు చేసేటప్పుడు కావాల్సిన కాగితాల్లో మొదటిది ఆ చీటీయే.